బ్యాటరీ స్ప్రేయర్‌కి పడిన ఒక్క స్టార్ రివ్యూల్లోంచి తయారు చేయదగ్గ వస్తువును వెతకడం ఎలా

ఆన్‌లైన్‌లో 16 లీటర్ల బ్యాటరీ స్ప్రేయర్ ఏది తెరిచినా కింద తిట్లు కనిపిస్తాయి. "బ్యాటరీ వేస్ట్", "డబ్బులు దండగ", "రెండో సీజన్‌కి పని చేయలేదు". వీటిని చదివి చాలామంది "అయితే మంచి బ్యాటరీ పెట్టి మనమే ఒక స్ప్రేయర్ తెద్దాం" అనుకుంటారు. అక్కడే పొరపాటు పడతారు. రైతుకు కోపం వచ్చిందని మాత్రమే రివ్యూ చెబుతుంది. తప్పు ఎక్కడుందో మనమే తవ్వి తీయాలి. కందుకూరు, కావలి, ఆత్మకూరు, పొదిలి చుట్టుపక్కల మందు కొట్టే పనులకు పనికొచ్చే చిన్న వస్తువేదైనా తయారు చేయాలనుకునేవాళ్ల కోసం ఆ తవ్వకాన్ని మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ రాస్తున్నాం. బ్యాటరీ ఫిర్యాదు ఒక్కదాన్నే పట్టుకుని దాని వెంటే వెళ్దాం.

ఏ రివ్యూలు తీసుకోవాలి

"వ్యవసాయ పరికరాలు" అని మొదలుపెడితే ఏమీ తేలదు. 16 లీటర్ల ట్యాంకు, 12 వోల్టుల 8 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ, వీపుకు తగిలించుకునే రకం అని గీత గీసుకోండి. ఆ గీతలో ఆరు ఉత్పత్తులు ఎంచుకోండి. తక్కువ ధరవి రెండు, మధ్యరకం రెండు, ఖరీదైనవి రెండు ఉంటే చాలు.

ఎంచుకునే ముందు ఫొటోలు పెద్దవి చేసి చూడండి. మూత ఆకారం, స్విచ్ ఉన్న చోటు, ఛార్జింగ్ సాకెట్ ఉన్న చోటు, పంపు మీది లేబుల్ అచ్చంగా ఒకటే అయితే ఆ రెండు బ్రాండ్లూ ఒకే చోట తయారై వేరే స్టిక్కర్లతో వస్తున్నాయన్నమాట. ఇది గమనించకపోతే ఒక్క ఫ్యాక్టరీ లోపం నాలుగు బ్రాండ్లలో కనిపించి, మార్కెట్ మొత్తానికీ ఉన్న లోపంలా భ్రమ పెడుతుంది. అచ్చు ఒకటే ఉన్నవాటిని ఒకే ఉత్పత్తిగా లెక్కేసుకోండి.

ఇంకో ఉచ్చు కూడా ఉంది. ఒకే పేజీలో 16 లీటర్లు, 18 లీటర్లు, చేత్తో కొట్టేది, బ్యాటరీది అన్నీ కలిపి పెట్టి, రివ్యూలు కూడా కలిపేస్తారు. చాలా రివ్యూల మీద ఏ రకం కొన్నారో చిన్న అక్షరాల్లో ఉంటుంది. మీ గీతలో లేనిదాన్ని పక్కన పడేయండి.

ఒక్కో ఉత్పత్తికి ఒకటి, రెండు, మూడు స్టార్ల రివ్యూలు కలిపి 40 నుంచి 50 తీసుకోండి. మొత్తం 250 దాకా వస్తాయి. చేత్తో కాపీ చేసినా రెండు రోజుల పనే. ప్రోగ్రాముతో గంపగుత్తగా లాగడాన్ని చాలా సైట్ల నిబంధనలు ఒప్పుకోవు, పైగా ఈ పనికి అంత అవసరం కూడా లేదు. సైటు ముందు వేసి చూపించే రివ్యూలతో ఆగకుండా "కొత్తవి ముందు" అని మార్చి చదవండి, లేకపోతే ఎప్పుడో మార్చేసిన మోడల్ మీది పాత కోపమే మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

మూడు స్టార్ల రివ్యూలను వదలకండి. ఒక్క స్టార్ ఇచ్చినవాళ్లలో చాలామంది పెట్టె తెరిచిన రోజే రాస్తారు. రెండు, మూడు స్టార్లు ఇచ్చే మనిషి సాధారణంగా వాడి చూసి రాస్తాడు: "ప్రెషర్ బాగుంది, పది ట్యాంకులు వస్తోంది, కానీ..." ఆ "కానీ" తర్వాతి ముక్కే మనకు కావాల్సింది.

పట్టికలో ఎలా రాయాలి

గూగుల్ షీట్స్‌లో ఎనిమిది నిలువు వరుసలు చాలు. A తేదీ, B ఉత్పత్తి, C స్టార్లు, D ఎంతకాలం వాడాక రాశారు, E ఏ భాగం, F లక్షణం, G ఆ తర్వాత ఏం చేశారు, H రివ్యూ మాటలు ఉన్నవి ఉన్నట్టుగా.

ఒక రివ్యూలో రెండు ఫిర్యాదులుంటే రెండు వరుసలు వేయండి. F గడిలో కారణం రాయొద్దు, కంటికి కనిపించింది మాత్రమే రాయండి. "బ్యాటరీ నాసిరకం" అన్నది కొన్నవారి తీర్పు. "ఛార్జర్ పెట్టగానే గ్రీన్ లైట్ వస్తోంది, ఐదు నిమిషాలే నడుస్తోంది" అన్నది లక్షణం. ఈ తేడా పాటించకపోతే పట్టిక నిండా "వేస్ట్" అన్న మాటే మిగులుతుంది.

మనవాళ్లు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు, తోచిన స్పెల్లింగులో రాస్తారు. అందుకే ఒక్క మాటతో వెతికితే సగం జారిపోతాయి. బ్యాటరీకి సంబంధించిన వరుసలను పట్టుకోవడానికి ఈ సూత్రం పనికొస్తుంది:

```
=REGEXMATCH(LOWER(H2),"charg|charj|bat+er|bat+ry|betri|ఛార్జ|చార్జ|బ్యాటర")
```

ఇది వరుసలను ఏరిపెడుతుంది, అంతే. "బ్యాటరీ సూపర్, మూత లీకు" అన్న రివ్యూను కూడా ఏరుతుంది కాబట్టి E గడి నింపేటప్పుడు ప్రతి రివ్యూనూ కళ్లతో చదవాల్సిందే.

D గడి అన్నిటికంటే విలువైనది, నింపడం కష్టమైనదీ అదే. రివ్యూ మీదున్న తేదీ రాసిన తేదీ, కొన్న తేదీ కాదు. వాడిన కాలం మాటల్లో దొరుకుతుంది: "వన్ సీజన్", "మూడు నెలలకే", "పోయినేడు కొన్నా". దాన్ని మూడు రకాలుగా రాస్తే చాలు: "మొదటి వారం", "సీజన్‌లో", "పక్కన పెట్టి తీశాక". తెలియకపోతే ఖాళీగా వదిలేయండి, ఊహించి నింపొద్దు.

నింపడం అయ్యాక లెక్క:

```
=COUNTIFS(E:E,"బ్యాటరీ",D:D,"పక్కన పెట్టి తీశాక")
```

తవుడు చెరిగేయడం

లెక్క తీరు అర్థం కావడానికి కొన్ని అంకెలు ఊహిద్దాం. 200 వరుసలు వచ్చాయి. 70 దారిలో పగిలినవి, 30 ఛార్జరో నాజిలో పెట్టెలో రానివి, 60 బ్యాటరీవి, 25 మూత దగ్గరో మందు చిమ్మే లాన్స్ గొట్టం దగ్గరో కారేవి, 15 చిల్లర ఫిర్యాదులు.

పెద్ద అంకె 70 అని దాని వెంట పరిగెత్తొద్దు. దారిలో పగలడం ప్యాకింగ్‌కు, రవాణాకు సంబంధించిన లోపం. రేపు అమ్మేవాడు అట్టపెట్టె మారిస్తే మీ అవకాశం ఆవిరైపోతుంది. ఛార్జర్ రాకపోవడమూ అంతే. వస్తువు వాడకంలోంచి పుట్టిన ఫిర్యాదులనే ఉంచండి.

దొంగ రివ్యూలను పట్టుకోవడానికి కూడా ఇదే సమయం. ఒకే రోజు నాలుగైదు ఒక్క స్టార్లు పడి, ఒక్కదాంట్లో కూడా పంట పేరు గానీ, ట్యాంకుల లెక్క గానీ, వాడిన రోజులు గానీ లేకపోతే వాటిని లెక్కలోంచి తీసేయండి. నిజంగా మందు కొట్టిన మనిషి పొలం మాట ఒక్కటైనా అంటాడు.

ఇప్పుడు ఆ 60ని D గడి ప్రకారం విడదీయండి. 14 మొదటి వారంలోవి, 12 సీజన్‌లోవి, 34 పక్కన పెట్టి తీశాక వచ్చినవి అనుకుందాం. బ్యాటరీయే నాసిరకమైతే ఫిర్యాదులు సీజన్ మధ్యలో, వాడకం ఎక్కువైన కొద్దీ రావాలి. ఇక్కడ మాత్రం వాడనప్పుడు చచ్చిపోతోంది. అంటే ఆరా తీయాల్సింది స్ప్రేయర్ మూలన పడి ఉన్న నెలల గురించి.

దీన్ని మన జిల్లాల్లోనే సరిచూసుకోవచ్చు. పెన్నా కింద ఎడగారు కూడా వేసే వరి రైతు స్ప్రేయర్‌ను ఏడాదిలో పెద్దగా పని లేకుండా ఉంచడు. మెట్టలో పొగాకో శనగో వేసే రైతు మాత్రం వేసవి ముందు మూలన పెడితే మళ్లీ తీసేది వానలు పడ్డాకే. మీ ఊహ నిజమైతే రెండో రైతు దగ్గరే బ్యాటరీలు ఎక్కువగా పోవాలి. ఫ్లిప్‌కార్ట్‌లో కొన్నవారి పేరు పక్కన ఊరు కూడా కనిపిస్తుంది కాబట్టి కొంత అక్కడ తెలుస్తుంది. మిగతాది ఊళ్లో అడగాలి. దేశమంతటి రివ్యూలను నెలల వారీగా కలిపి గ్రాఫ్ గీస్తే మాత్రం తప్పుదారి పడతారు, ఒక్కో రాష్ట్రానిది ఒక్కో సీజన్.

లక్షణం నుంచి కారణానికి

ఇక్కడ తొందరపడకండి. ఈ మెట్టు ఎక్కకుండా వస్తువు తయారు చేసినవాళ్ల దగ్గర సరుకు మిగిలిపోతుంది.

రివ్యూల్లో ఒకే "బ్యాటరీ పోయింది" కింద కనీసం మూడు వేర్వేరు జబ్బులుంటాయి, మాటలను బట్టి విడదీయొచ్చు. "పెట్టగానే గ్రీన్ వస్తోంది, కొద్దిసేపే నడుస్తోంది" అంటే బ్యాటరీ పలకలు సల్ఫేట్ పట్టి ఛార్జ్ తీసుకోవడం లేదు. "గ్రీన్ వస్తోంది, అసలు తిరగట్లేదు" అంటే ఫ్యూజ్ పోయి ఉండొచ్చు, వైరు తెగి ఉండొచ్చు, సాకెట్ తుప్పు పట్టి ఉండొచ్చు, బ్యాటరీ బాగానే ఉండి ఉండొచ్చు. "రాత్రంతా పెట్టినా ఎర్ర లైటే, బ్యాటరీ ఉబ్బింది" అంటే ఒక సెల్ షార్టయిందో, ఛార్జర్ ఆగాల్సిన చోట ఆగడం లేదో. మన 34లో మొదటి రకమే ఎక్కువనుకుని ముందుకెళ్దాం.

సల్ఫేట్ ఎందుకు పడుతుంది? లెడ్ యాసిడ్ బ్యాటరీ ఖాళీగా పడి ఉంటే పలకల మీది సీసపు సల్ఫేట్ గట్టిపడి, మళ్లీ ఛార్జ్ పెట్టినా కరగదు. "ఎండలకి దానంతటదే దిగిపోయి ఉంటుంది" అనేది అందరూ చెప్పే కారణం. లెక్క వేసి చూడండి. ఈ రకం సీల్డ్ బ్యాటరీ 25 డిగ్రీల దగ్గర నెలకు సుమారు 3 శాతం దానంతటదే దిగుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే అది రెట్టింపవుతుంది. 35 డిగ్రీల గదిలో నెలకు 6 శాతం, ఆరు నెలలకు 36 శాతం. అంటే నిండా ఛార్జ్ చేసి దాచిన బ్యాటరీలో ఆరు నెలల తర్వాత కూడా సగానికి పైగా ఉండాలి. కాబట్టి ఎండ ఒక్కటే చంపడం లేదు. ఇంకేదో ఉంది.

మిగిలిన అనుమానాలు రెండు. ఒకటి, చివరి మందు కొట్టాక ఖాళీ బ్యాటరీతోనే మూలన పెట్టేయడం. రెండు, స్విచ్ ఆపినా లోపల కొంచెం కరెంటు పోతూ ఉండటం, ఉదాహరణకు వోల్టు మీటరో స్పీడు రెగ్యులేటరో స్విచ్‌కు ముందే కలిపి ఉంటే. రెండోది చిన్నదనుకోవద్దు. 5 మిల్లీ ఆంపియర్లు పోతోందనుకోండి: రోజుకు 0.12, అరవై రోజులకు 7.2 ఆంపియర్-అవర్. 8 ఆంపియర్-అవర్ బ్యాటరీ రెండు నెలల్లో ఇంచుమించు ఖాళీ. ఎంత నిండా ఛార్జ్ చేసి దాచినా ఫలితం అదే.

ఈ రెంటిలో ఏదో రివ్యూలు చెప్పలేవు. స్ప్రేయర్లు బాగుచేసే షాపుకి వెళ్లాలి. సీజన్ మొదలయ్యే ముందు అక్కడ ట్యాంకులు వరుసగా ఉంటాయి. షాపతన్ని అడిగి పది ట్యాంకులు చూడండి. చేతికి గ్లౌజులు వేసుకోండి, ట్యాంకును ముందు నీళ్లతో కడిగించండి, లోపల మందు మిగిలే ఉంటుంది. తర్వాత ప్రతిదానికీ మూడు కొలతలు తీసుకోండి.

తెచ్చినప్పుడు బ్యాటరీ టెర్మినళ్ల మధ్య వోల్టేజీ మొదటిది. నిండా ఉన్నది, ఛార్జర్ తీసి కొన్ని గంటలైనా ఆగాక, 12.7 పైన చూపుతుంది. 10.5 కంటే కిందికి దిగి ఉంటే లోతుగా ఖాళీ అయిందన్నమాట. రెండోది, మంచి బ్యాటరీ ఒకటి తగిలించి, స్ప్రేయర్ స్విచ్ ఆపి, పాజిటివ్ వైరు మధ్యలో మల్టీమీటరును మిల్లీ ఆంపియర్ల మీద పెట్టి చూడటం. సున్నా రావాలి. ఈ కొలత మధ్యలో పొరపాటున పంపు ఆన్ చేస్తే మీటరు ఫ్యూజు పోతుంది, జాగ్రత్త. మూడోది, ఛార్జర్‌ను మంచి బ్యాటరీకి తగిలించి ఉంచి వోల్టేజీ చూడటం. నిండాక కూడా 14.7 దాటి కొనసాగుతుంటే ఆ ఛార్జరే దోషి కావచ్చు.

కొలతలతో పాటు తెచ్చిన మనిషిని ఒక్క ప్రశ్న అడగండి. "బ్యాటరీ ఎందుకు పోయింది?" అని కాదు. "అన్నా, పోయినసారి ఆఖరి ట్యాంకు కొట్టినాక దీన్ని ఏం చేసినావు?" అని. "ఏం చేసేది, కడిగి మంచం కింద పెట్టినా" అనే జవాబు ఎన్నిసార్లు వస్తే మొదటి అనుమానం అంత గట్టిపడుతుంది. "నిండా ఛార్జింగ్ పెట్టే దాచినా, అయినా పోయె" అన్నవాళ్ల ట్యాంకుల్లో రెండో కొలత సున్నా రాకపోతే రెండోది గట్టిపడుతుంది.

మార్కెట్లో చోటు నిజంగా ఉందా

కారణం తేలాక వెంటనే టంకం సామాను తీయొద్దు. ముందు ఉచితంగా దొరికే పరిష్కారంతో పోటీ పెట్టండి. నిండా ఛార్జ్ చేసి, బ్యాటరీ నుంచి ఒక వైరు పీకి దాస్తే సమస్య చాలామటుకు తీరుతుంది. దీనికి రూపాయి ఖర్చు లేదు. అయినా రైతులు ఎందుకు చేయడం లేదో తెలిస్తేనే వస్తువు అవసరమో కాదో తెలుస్తుంది. చాలా మోడళ్లలో బ్యాటరీ ట్యాంకు అడుగున, నాలుగైదు స్క్రూలు విప్పితే గానీ అందదు. అది కారణమైతే అక్కడ మీ వస్తువుకు చోటు ఉంది. ఎవరూ చెప్పకపోవడం వల్ల చేయకపోతే ఒక స్టిక్కర్ చాలు, వ్యాపారం లేదు. ఈ మాట నమ్మడం కష్టమే, కానీ ఇక్కడ ఆగిపోవడం డబ్బు మిగలడమే.

తర్వాత ఇప్పటికే మార్కెట్లో ఉన్న జవాబులు చూడండి. లిథియం బ్యాటరీతో వచ్చే స్ప్రేయర్లు ఉన్నాయి. వాటి ఒక్క స్టార్లను కూడా అదే పట్టికలో రాయండి. అక్కడ మూలన పెట్టడం గురించిన ఫిర్యాదు తగ్గి, దాని బదులు ధర గురించో, పోతే మన ఊళ్లో దొరకదనో ఫిర్యాదు కనిపిస్తే పాత ట్యాంకు ఉన్న రైతుకు ఇంకా జవాబు దొరకలేదన్నమాట.

ఇక G గడికి రండి. "బయట కొత్త బ్యాటరీ వేయించా", "బైకు బ్యాటరీ కట్టుకున్నా", "స్విచ్ వేరే పెట్టించా" లాంటి వరుసలు ఎన్ని? తిట్టి ఊరుకున్నవాళ్లు వంద మంది కంటే, జేబులోంచి తీసి ఖర్చు పెట్టినవాళ్లు పది మంది మీకు ఎక్కువ చెబుతారు. షాపులో కొత్త బ్యాటరీ వేయించడానికి ఎంత అవుతోందో కనుక్కోండి. మీ వస్తువు ధర అందులో మూడో వంతు దాటితే రైతు "పోతే కొత్తది వేయించుకుంటా" అనే అంటాడు.

వస్తువు రూపం, అది పుట్టించే కొత్త తిట్లు

ఈ దారిలో తేలేది కొత్త స్ప్రేయర్ కాదు. బ్యాటరీకీ పంపుకూ మధ్య తగిలే అరచేతిలో పట్టే బోర్డు. స్క్రూలు విప్పకుండా బయటి నుంచి తిప్పే మెయిన్ కట్ స్విచ్ ఒకటి, బ్యాటరీ లోతుగా దిగకుండా ఆపే కట్ ఆఫ్ ఒకటి. కరెంటు సాకెట్‌కు నేరుగా తగిలే ఛార్జర్ చేయాలనుకుంటే మాత్రం ప్రభుత్వ ప్రమాణాల సంస్థ బీఐఎస్ రిజిస్ట్రేషన్ వర్తిస్తుందో లేదో ముందే తేల్చుకోండి. 12 వోల్టుల వైపు ఉండే బోర్డుతో మొదలుపెట్టడం తేలిక.

తయారు చేసే ముందు మీ బోర్డు కొలతలను అదే పట్టిక ముందు నిలబెట్టండి. పంపు నడుస్తుండగా 10.8 వోల్టుల దగ్గర ఆపేలా పెట్టారనుకోండి. బ్యాటరీకి మంచిదే. కానీ పట్టికలో "మధ్యలో ఆగిపోయింది" అన్న వరుసలు వెతికి చూడండి, అన్నిటికంటే ఘాటైన కోపం వాటిలోనే ఉంటుంది. కలిపిన మందు సగం ట్యాంకులో ఉండగా పంపు ఆగితే రైతు మీ బోర్డును పీకి పారేసి వైరు నేరుగా కలుపుకుంటాడు. అందుకే 11.5 దగ్గరే బజర్ మోగాలి, చేతిలో ఉన్న ట్యాంకు పూర్తి చేసుకునే వ్యవధి దొరకాలి. ఆ అంకె పంపును, బ్యాటరీ వయసును బట్టి మారుతుంది కాబట్టి పాత బ్యాటరీతో నీళ్లు కొట్టి, బజర్ తర్వాత ఎన్ని లీటర్లు వచ్చాయో కొలిచి సరిచేయండి.

బోర్డు తానే తాగే కరెంటు కూడా కొలవాలి. కట్ అయ్యాక 0.1 మిల్లీ ఆంపియర్ లోపు ఉంటే ఆరు నెలలకు 0.43 ఆంపియర్-అవర్ మాత్రమే పోతుంది. 3, 4 మిల్లీ ఆంపియర్లు తాగే చవక రిలే బోర్డు వాడితే మీరు బాగుచేయాలనుకున్న జబ్బునే అమ్ముతున్నట్టు. ఇంకొకటి, మూత దగ్గర కారిన మందు ట్యాంకు వెంట దిగి అడుగున ఉన్న సాకెట్ మీదికే వస్తుంది. "లీకు" వరుసలు 25 మన పట్టికలోనే ఉన్నాయి కదా, బోర్డును మందు తగలకుండా పూర్తిగా మూసి పోత పోయాలి.

పది బోర్డులు చేసి రెండు మూడు రిపేరు షాపుల్లో డబ్బుకే ఇవ్వండి. ఊరికే ఇస్తే అందరూ బాగుందనే అంటారు. పొగాకు, శనగ పనులు ముగిసే వేళ బిగించి, మళ్లీ మందు ట్యాంకులు బయటికి తీసే వేళ వెళ్లి అవే మూడు కొలతలు తీయండి. బోర్డు లేని పది ట్యాంకులకు కూడా అదే రోజుల్లో కొలిచి పక్కన రాయండి, లేకపోతే ఆ ఏడు ఎండ తక్కువై బతికాయో బోర్డు వల్ల బతికాయో చెప్పలేరు. పీకి తిరిగి తెచ్చినవాళ్ల మాటలను మాత్రం H గడిలో ఉన్నవి ఉన్నట్టు రాసుకోండి. రెండో బోర్డు డిజైను ఆ వరుసల దగ్గరే మొదలవుతుంది.